మేక్ ఎక్కడ, డూ ఎక్కడ: ఇంగ్లిష్ మాటల జంటలను వాక్యాలతో పట్టుకునే పద్ధతి

తెలుగులో చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, కళ్ళజోడు పెట్టుకుంటాం, గాజులు వేసుకుంటాం. ఇంగ్లిష్‌లో ఈ నాలుగింటికీ వేర్ అన్న ఒక్క క్రియ సరిపోతుంది. తెలుగు నేర్చుకుంటున్న ఒకరు నిఘంటువులో వేర్ ఎదురుగా "ధరించు" అని చూసుకుని, ఇంకెక్కడో విన్న కట్టుకోవడాన్ని దానికి కలిపి "కళ్ళజోడు కట్టుకుంది" అన్నారనుకోండి. మనకు అర్థమవుతుంది. కానీ తెలుగువాళ్ళెవరూ అలా అనరు. ఎందుకనరని అడిగితే సూత్రం చెప్పలేం. కళ్ళజోడుకు పెట్టుకోవడమే జోడీ, అంతే.

ఇలా అలవాటుగా జతపడే మాటలను ఇంగ్లిష్‌లో కొలొకేషన్ అంటారు. ఇక్కడ మాటల జంట అని పిలుచుకుందాం. వేర్ విషయంలో తెలుగు నేర్చుకునేవారికి వచ్చే చిక్కే, చేయడం అన్న క్రియ దగ్గర మనకు తిరగబడి వస్తుంది. మనం తప్పు చేస్తాం, సాయం చేస్తాం, మార్పులు చేస్తాం, ఫోన్ చేస్తాం, స్నానం చేస్తాం. ఇంగ్లిష్‌లో ఇవి వరసగా మేక్ ఎ మిస్టేక్, డూ ఎ ఫేవర్, మేక్ చేంజెస్, మేక్ ఎ కాల్, హావ్ ఎ బాత్. మన ఒక్క క్రియ అక్కడ మూడుగా చీలింది. అందుకే తెలుగువాళ్ళ ఇంగ్లిష్‌లో "ఐ డిడ్ ఎ మిస్టేక్" అన్నది అంత తరచుగా వినిపిస్తుంది. మాట్లాడేవారికి వ్యాకరణం రాక కాదు, తప్పు పక్కన చేయడం ఉండాలని తెలుగు చెబుతోంది కాబట్టి.

ఇంకో సంగతి. ఇలాంటి తప్పును ఎదుటివారు దాదాపుగా సరిదిద్దరు. "ఐ వెంట్ టుమారో" అంటే రేపా, నిన్నా అని అడుగుతారు. "డిడ్ ఎ మిస్టేక్" అంటే విషయం అర్థమైపోతుంది, మాట ముందుకు సాగిపోతుంది. పదేళ్ళు ఇంగ్లిష్‌లో ఉద్యోగం చేసినా ఈ జంటలు వాటంతట అవి సర్దుకోకపోవడానికి ఇదే ముఖ్యమైన కారణం. పనిగట్టుకుని పట్టుకోవాలి. ఆ పద్ధతి ఇది.

మొదటి మెట్టు: పేజీ నామవాచకం పేరున తెరవండి

చాలామంది నోట్‌బుక్‌లో ఒక పక్క మేక్, ఇంకో పక్క డూ అని రెండు నిలువు వరసలు గీసి, ఒక్కో దాని కింద ముప్పై మాటలు దింపుతారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ మాట్లాడేటప్పుడు ఫేవర్ ఎడమ వరసలో ఉందా, కుడి వరసలో ఉందా అన్నదే గుర్తురాదు. ఒకే రోజు ఎదురెదురుగా పెట్టి నేర్చుకున్న రెండు జాబితాలు ఒకదానిలోకి ఒకటి జారిపోతాయి.

నోట్లో మాట పుట్టే వరసను గమనించండి. ముందు తట్టేది విషయం, అంటే నామవాచకం: నిర్ణయం, తప్పు, సాయం. దానికి ఏ క్రియ తగిలించాలన్నది తరవాతి ప్రశ్న. కాబట్టి నోట్‌బుక్ కూడా అదే వరసలో ఉండాలి. పేజీ పైన డెసిషన్ అని రాయండి, దాని కింద ఆ మాటతో కలిసే క్రియలన్నీ చేర్చండి. ఇంకో పేజీ ఫేవర్‌కి, మరొకటి మిస్టేక్‌కి. వారానికి ఐదారు నామవాచకాలు చాలు. అవి కూడా మీ ఈమెయిళ్ళలో, ఫోన్లలో నిజంగా వాడేవి అయివుండాలి.

రెండో మెట్టు: నిఘంటువులో అర్థం దాటి చదవండి

ఇంగ్లిష్-తెలుగు నిఘంటువులో ఫేవర్ చూస్తే దయ, అనుగ్రహం, ఉపకారం, పక్షపాతం లాంటి మాటలు కనిపిస్తాయి. ఏదీ తప్పు కాదు. కానీ వీటిలో ఏ ఒక్కటీ ఫేవర్ పక్కన డూ రావాలని చెప్పదు. ముందు ఎ ఉండాలా, మనిషి పేరు ఎక్కడ పెట్టాలి, మధ్యలో టు వస్తుందా అన్నదీ చెప్పదు. ఒక్క మాట అర్థం చదివేటప్పుడు పనికొస్తుంది. రాసేటప్పుడు మాత్రం మనల్ని నడిమధ్యలో వదిలేస్తుంది. అక్కడి నుంచి "హీ మేడ్ ఫేవర్ టు మీ" లాంటి వాక్యం పుడుతుంది. ఇందులో ఉన్న మాటలన్నీ ఇంగ్లిష్ మాటలే, వాక్యం మాత్రం ఇంగ్లిష్ కాదు.

దీనికి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ వారి లెర్నర్స్ డిక్షనరీలు వాడాలి. మూడూ ఆన్‌లైన్లో ఉచితంగా చూడొచ్చు. ఇవి ఇంగ్లిష్ పుట్టుభాష కానివారి కోసం తయారైనవి కాబట్టి, దాదాపు ప్రతి అర్థం కిందా ఉదాహరణ వాక్యాలు ఉంటాయి. ఈ రకం నిఘంటువులకు పునాది వేసిన పనిలో పెద్ద భాగం జరిగింది కూడా ఇంగ్లండ్‌లో కాదు, జపాన్‌లో. టోక్యోలో ఇంగ్లిష్ బోధన మీద పనిచేసిన హెరాల్డ్ పామర్ 1933లో ఇంగ్లిష్ మాటల జంటల మీద పెద్ద నివేదిక వెలువరించాడు. ఆయనతో పనిచేసిన ఎ.ఎస్. హార్న్‌బీ, మరో ఇద్దరితో కలిసి తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలోనే అచ్చయింది. ఈనాటి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం అదే. అర్థం తెలిసినా వాక్యం కట్టలేని విద్యార్థులను రోజూ చూసేవారే దానికి పూనుకున్నారు.

చూసేటప్పుడు మేక్ అని వెతకొద్దు. మేక్ కింద అర్థాలు పదుల్లో ఉంటాయి, చదివేలోపు ఓపిక అయిపోతుంది. డెసిషన్ అని వెతకండి. ఉదాహరణ వాక్యాల్లో ముద్ద అక్షరాల్లో ఉన్న భాగమే సాధారణంగా మాటల జంట. లాంగ్‌మన్‌లో చాలా మాటలకు కొలొకేషన్స్ అనే పెట్టె విడిగా ఉంటుంది, క్రియలు ఒకచోట, విశేషణాలు ఒకచోట వేసి.

మూడో మెట్టు: వాక్యంలోంచి నాలుగు సంగతులు పిండండి

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సిన చోటు ఇదే. ఫేవర్‌ని తీసుకుని చివరిదాకా చేద్దాం. ముందు మూడు వాక్యాలు ఎంచుకుంటాం. ఒక్కోటి పన్నెండు మాటలకు మించకూడదు, అందులో మీకు తెలియని మాట ఒకటి కంటే ఎక్కువ ఉండకూడదు.

"కుడ్ యూ డూ మీ ఎ ఫేవర్?"

"షీ డిడ్ మీ ఎ బిగ్ ఫేవర్."

"కెన్ ఐ ఆస్క్ యూ ఎ ఫేవర్?"

మొదట చూడాల్సింది క్రియ. సాయం చేసేవారి వైపు నుంచి అయితే డూ, అడిగేవారి వైపు నుంచి అయితే ఆస్క్. ఒకే నామవాచకానికి రెండు క్రియలు, రెండు దిక్కులు. ఈ తేడా ఉపకారం అన్న ఒక్క మాటలో ఎక్కడా లేదు.

రెండోది మనిషి ఉండే చోటు. డూ తరవాత నేరుగా మీ వచ్చింది, మధ్యలో టు లేదు. "నాకు" అన్నదాంట్లోని కు మనల్ని టు వైపు లాగుతుంది కాబట్టి "డూ ఎ ఫేవర్ టు మీ" అని వచ్చేస్తుంది. మనిషిని చివర పెట్టాలనుకుంటే "డూ ఎ ఫేవర్ ఫర్ మీ" అనాలి, టు కాదు ఫర్. అయినా "డూ మీ ఎ ఫేవర్" అన్నదే ఎక్కువ వినిపించే వరస.

మూడోది నామవాచకం ముందున్న చిన్న మాట. మూడు వాక్యాల్లోనూ ఎ ఉంది, అంటే ఇది లెక్కపెట్టగలిగే మాట. ఇది ప్రతి జంటకూ విడిగా చూసుకోవాలి. మేక్ ఎ మిస్టేక్‌లో ఎ ఉంటుంది. మేక్ ప్రోగ్రెస్‌లో ఉండదు. డూ హోమ్‌వర్క్, డూ రిసర్చ్ కూడా అంతే. తెలుగులో ఎ, ది లాంటివి లేవు కనుక, వాక్యం ముందు లేకపోతే మనకు ఇది స్ఫురించే దారే లేదు.

నాలుగోది ఆ వాక్యం ఏ సందర్భంలోది అన్నది. డూ మీ ఎ ఫేవర్ చనువున్నవారి మధ్య, ఓ మోస్తరు పరిచయస్తుల మధ్య నడిచే మాట. తెలుగులో దీనికి దగ్గరగా వచ్చేది "ఉపకారం చేయండి" కాదు, "నాకో పని చేసి పెడతావా?" అన్నది. ఆ "చేసి పెట్టడం"లో ఉన్న అర్థమే ఫేవర్. తప్పనిసరి కాని పనిని నా కోసం చేయడం. ఒక హెచ్చరిక కూడా ఉంది. కుడ్ యూ లేకుండా, "డూ మీ ఎ ఫేవర్ అండ్ స్టాప్ షౌటింగ్" అన్నట్టు వస్తే అది విసుగు. పై అధికారికి రాసేటప్పుడు ఈ రూపం వద్దు.

ఇప్పుడు పేజీలో రాసుకునేది ఇంతే: పైన ఫేవర్, కింద "డూ + మనిషి + ఎ ఫేవర్ (టు లేదు)", ఆ కింద మూడు వాక్యాలు, ప్రతి వాక్యం పక్కన మీరు ఇంట్లో మాట్లాడే తెలుగులో పూర్తి వాక్యం. "ఉపకారం" అని ఒంటరి మాట రాయొద్దు. రేపు పేజీ తిరగేసినప్పుడు కన్ను ముందు ఆ ఒక్క మాట మీదే పడుతుంది, వాక్యాన్ని వదిలేస్తుంది.

నాలుగో మెట్టు: రెండు క్రియలు సరైనవే అనిపిస్తే లెక్క చూడండి

డెసిషన్ దగ్గర ఈ అనుమానం తప్పక వస్తుంది. నిర్ణయం తీసుకుంటాం కాబట్టి మనకు సహజంగా వచ్చేది టేక్ ఎ డెసిషన్. ఇది తప్పని కొట్టేసేవారున్నారు, కానీ తప్పు కాదు. బ్రిటిష్ ఇంగ్లిష్‌లో టేక్ ఎ డెసిషన్ ఉంది, ముఖ్యంగా ప్రభుత్వాలూ సంస్థలూ తీసుకునే నిర్ణయాల గురించి రాసేటప్పుడు. అమెరికాలో మాత్రం మేక్ రాజ్యం. డూ ఎ డెసిషన్ అన్నది రెండు చోట్లా లేదు. తెలుగు అలవాటు మనల్ని కాపాడిన అరుదైన చోటు ఇది.

దీన్ని మీరే సరిచూసుకోవచ్చు. గూగుల్ బుక్స్ ఎన్‌గ్రామ్ వ్యూయర్ తెరిచి, పెట్టెలో ఇది టైప్ చేయండి:

```
make a decision,take a decision,do a decision
```

అచ్చయిన పుస్తకాల్లో ఏ మాట ఎంత తరచుగా వచ్చిందో ఏడాదివారీ గీతలుగా చూపిస్తుంది. పైనున్న మెనూలో అమెరికన్ ఇంగ్లిష్, బ్రిటిష్ ఇంగ్లిష్ మార్చి చూస్తే రెండు దేశాల తేడా కళ్ళకు కడుతుంది. భూతకాల రూపాలు ఇవ్వకపోవడానికి కారణం ఉంది. మేడ్, డిడ్ అని ఇస్తే "వెన్ డిడ్ ఎ డెసిషన్ కమ్" లాంటి ప్రశ్నల్లోని డిడ్ కూడా కలిసిపోతుంది, లెక్క కలుషితమవుతుంది.

ఈ లెక్కలను గుడ్డిగా నమ్మకూడదు. ఉదాహరణకు ఎ లేకుండా "మేక్ డెసిషన్" అని వెతికితే కూడా ఎన్నో ఫలితాలు దొరుకుతాయి. తెరిచి చూస్తే వాటిలో "మేక్ డెసిషన్ మేకింగ్ ఈజియర్" లాంటివి ఉంటాయి, అక్కడ మేక్ జోడీ డెసిషన్‌తో కానే కాదు. కాబట్టి అంకె చూసి ఆగిపోకండి. గీత కింద ఇచ్చే పుస్తకాల లింకుల్లో నాలుగైదు వాక్యాలు తెరిచి, మీరు వెతికిన అర్థమే ఉందో లేదో చదవండి. ఎన్‌గ్రామ్ చూసేది పుస్తకాలనే అన్నదీ గుర్తుంచుకోండి, నోటి మాట సంగతి అది చెప్పదు.

అనుమానం తీరాక డెసిషన్ పేజీ ఇలా తయారవుతుంది. మేక్ ఎ డెసిషన్ ఎక్కడైనా చెల్లుతుంది. టేక్ ఎ డెసిషన్ బ్రిటన్ పద్ధతి, మన దేశంలోనూ వాడుకే. రీచ్ ఎ డెసిషన్ అంటే చర్చించి చర్చించి ఒక నిర్ణయానికి రావడం, కమిటీలకు నప్పుతుంది. డెసిషన్ తరవాత క్రియ వస్తే టు ("ది డెసిషన్ టు లీవ్"), విషయం వస్తే ఆన్ లేదా అబౌట్ ("ఎ డెసిషన్ ఆన్ ది బడ్జెట్"). ఒక్కో దానికి ఒక్కో వాక్యం.

ఐదో మెట్టు: తెలుగు వాక్యం చూసి ఇంగ్లిష్ వాక్యం చెప్పండి

పేజీని మళ్ళీ మళ్ళీ చదవడం వల్ల పెద్దగా లాభం లేదు. చదివినప్పుడు "ఆ, తెలుసు" అనిపిస్తుంది, అవసరమైనప్పుడు నోటికి రాదు. ఇంగ్లిష్ వైపు చేత్తో మూసి, తెలుగు వాక్యం మాత్రం చూసి, ఇంగ్లిష్ వాక్యం మొత్తం బయటికి చెప్పండి. "నాకో పని చేసి పెడతావా?" అన్నది చూసి పూర్తి వాక్యం రావాలి, ఫేవర్ అన్న మాట ఒక్కటి వస్తే సరిపోదు. మర్నాడు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారం తరవాత ఒకసారి. తప్పిన వాక్యానికి చుక్క పెట్టి, దాన్ని మళ్ళీ మర్నాటి నుంచి మొదలుపెట్టండి.

మూడుసార్లు తడుముకోకుండా వచ్చాక, ఆ జంటతో సొంత వాక్యం ఒకటి రాయండి. ఇక్కడ జరిగే పొరపాటు, సొంత వాక్యాన్ని సరిచూసుకోకుండా అదే వల్లించడం. మొదటి రోజే సొంత వాక్యం రాస్తే పాత తెలుగు అలవాటే అందులోకి దూరుతుంది, దాన్నే బట్టీ పట్టేస్తాం. అందుకే ముందు మూడుసార్లూ నిఘంటువు వాక్యాలు, తరవాతే మీవి. మీవి రాశాక టు, ఎ, ఆన్ లాంటి చిన్న మాటలను నిఘంటువు వాక్యంతో పక్కపక్కన పెట్టి పోల్చండి.

ఒక ఈమెయిల్ మీద పెట్టి చూద్దాం

ఆఫీసులో ఒకరు రాసిన నాలుగు వాక్యాలు ఇలా ఉన్నాయనుకుందాం: "ఐ డిడ్ ఎ మిస్టేక్ ఇన్ ది రిపోర్ట్. ప్లీజ్ మేక్ మీ ఎ ఫేవర్ అండ్ సెండ్ ఇట్ బ్యాక్. ఐ విల్ డూ ది చేంజెస్ టుడే. ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ పేజ్ త్రీ."

దీన్ని మాట మాటగా దిద్దొద్దు, నామవాచకాలకు గీత పెట్టండి: మిస్టేక్, ఫేవర్, చేంజెస్, డౌట్. ఒక్కోదాని పేజీ తీసి పక్కనున్న క్రియను చూడండి. మిస్టేక్‌కి మేక్, కాబట్టి ఐ మేడ్ ఎ మిస్టేక్. ఇన్ సరైనదే. ఫేవర్‌కి డూ. ఇక్కడ రాసినవారు మేక్ పెట్టడానికి కారణం, డిడ్ ఎ మిస్టేక్ తప్పని ఎవరో చెప్పగా విని, చేయడం అంటే మేక్ అని అన్నిచోట్లా మార్చుకోవడం అయ్యుండొచ్చు. సూత్రాన్ని విడిగా పట్టుకుంటే జరిగేది ఇదే, ఒక తప్పు పోయి ఇంకొకటి వస్తుంది. పంపమని కోరేది పై అధికారిని అయితే, "కుడ్ యూ డూ మీ ఎ ఫేవర్ అండ్ సెండ్ ఇట్ బ్యాక్?" అని ప్రశ్న రూపంలో ఉండాలి. చేంజెస్‌కి మేక్: ఐ విల్ మేక్ ది చేంజెస్ టుడే.

నాలుగోది వేరే రకం. హావ్ ఎ డౌట్ అన్న జంట ఇంగ్లిష్‌లో ఉంది, కానీ దాని అర్థం మన డౌట్ కాదు. మన డౌట్ అంటే అడిగి తెలుసుకోవాల్సిన సంగతి. ఇంగ్లండ్, అమెరికా పాఠకులకు డౌట్ అంటే నమ్మకం లేకపోవడం, మూడో పేజీలో ఏదో నిజం కాదని మీరు అంటున్నట్టు వినిపిస్తుంది. అక్కడ కావలసింది "ఐ హావ్ ఎ క్వశ్చన్ అబౌట్ పేజ్ త్రీ." ఒక్క మాట అర్థం పట్టుకుంటే జరిగే నష్టం ఇక్కడ క్రియతో ఆగలేదు, ఎదుటివారి మనసు దాకా వెళ్ళింది. మన దేశంలోని సహోద్యోగులకు రాస్తున్నట్టయితే ఈ డౌట్ ఇబ్బంది పెట్టదు. రైట్ అన్ ఎగ్జామ్ కూడా అలాంటిదే. ఇక్కడ అందరూ వాడేదే, బ్రిటన్ వారికి రాసేటప్పుడు టేక్ లేదా సిట్ అన్ ఎగ్జామ్ మేలు. పేజీలో ఇలాంటి వాటి పక్కన "ఇక్కడ" అని చిన్న గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది, కొట్టేయనక్కర్లేదు.

ఊతంగా పనికొచ్చే ఒక సూత్రం, దాని హద్దులు

కొత్తదాన్ని తయారుచేస్తే మేక్, పని జరిపితే డూ అని పుస్తకాల్లో ఉంటుంది. మేక్ కాఫీ, డూ ది డిషెస్ దాకా బాగానే నడుస్తుంది. ఆపైన మేక్ ది బెడ్ వస్తుంది, అంటే దుప్పటి సర్ది పక్క సరిచేయడం, మంచం తయారుచేయడం కాదు. డూ డ్యామేజ్ వస్తుంది, అక్కడ నష్టం కొత్తగా పుట్టిందే కదా. సూత్రం చేతులెత్తేస్తుంది.

ఇంతకంటే కొంచెం మెరుగైన ఆనవాలు ఇంకోటుంది. నామవాచకం ఆలోచించడానికో మాట్లాడడానికో సంబంధించిన క్రియ నుంచి పుట్టిందైతే మేక్ వచ్చే అవకాశం ఎక్కువ. డిసైడ్ నుంచి డెసిషన్, చూజ్ నుంచి చాయిస్, సజెస్ట్ నుంచి సజెషన్, కంప్లెయిన్ నుంచి కంప్లెయింట్, ప్రామిస్ నుంచి ప్రామిస్, అన్నిటికీ మేక్ నప్పుతుంది. దీనికీ తూట్లున్నాయి. అడ్వైజ్ నుంచి వచ్చిన అడ్వైస్‌కి గివ్ కావాలి, ఆన్సర్‌కీ గివ్వే. అందుచేత ఈ ఆనవాలును ఊహించడానికి మాత్రం వాడండి. నిఘంటువు అందుబాటులో లేని క్షణంలో, ఫోన్ మాట్లాడుతూ ఉన్నప్పుడు, మేక్ అని ఊహించి ముందుకెళ్ళండి. ఆ నామవాచకాన్ని ఓ కాగితం మీద గిలికి ఉంచుకుని, సాయంత్రం దాని పేరున కొత్త పేజీ తెరవండి.